పొడవైన మెయిల్ ట్రెయిల్ నుంచి స్టేటస్ నోట్ తయారుచేయడం ఎలా?

ప్రాజెక్టు సగం నడిచాక కొత్త సహోద్యోగి చేరితే, పాత మెయిళ్లన్నీ ఒకేసారి ఫార్వర్డ్ చేసి, పైన ‘ట్రెయిల్ చదవండి, అర్థమవుతుంది’ అని ఒక్క వాక్యం రాసి పంపడం చాలా ఆఫీసుల్లో అలవాటుగా ఉంది. దాని బదులు ఒక నోట్ రాసి ఇవ్వాలనుకునే పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: అరవై మెయిళ్లను ఒక పేజీకి కుదించేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? ట్రెయిల్ తేదీల వరుసలో నడుస్తుంది. కొత్తగా వచ్చినవారికి కావలసింది విషయాల వరుస, అందులోనూ ఈ రోజుకు ప్రతి విషయం ఎక్కడ నిలిచిందన్న సమాచారం. కాబట్టి ప్రతి మెయిల్‌నూ కొంచెం కొంచెం చిన్నది చేసుకుంటూ పోతే మంచి నోట్ రాదు. ట్రెయిల్‌ను విప్పి, విషయాల వారీగా మళ్లీ పేర్చుకోవాలి.

ఈ పద్ధతిని చూపడానికి ఊహించిన ఒక ఉదాహరణను చివరిదాకా తీసుకువెళ్తాను. విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సంస్థ ఉంది. దాని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌కు కలిపే పనిని హైదరాబాద్‌లోని ఒక చిన్న బృందం చేస్తోంది. 2025 మార్చి 3 నుంచి ఏప్రిల్ 11 వరకు 58 మెయిళ్లు నడిచాయి. ఏప్రిల్ 15న టెస్టింగ్ కోసం ఒక సహోద్యోగి చేరుతున్నారు. వారి కోసం నోట్ రాయాలి.

కావలసినవి

మొత్తం ట్రెయిల్, దానితో పాటు మీ ‘సెంట్’ ఫోల్డర్, అన్ని అటాచ్‌మెంట్లు మీకు అందుబాటులో ఉండాలి. ఎక్సెల్‌లోనో కాగితం మీదనో ఒక ఖాళీ పట్టిక సిద్ధం చేసుకోండి. మొదటి నుంచీ ప్రాజెక్టులో ఉన్న ఒకరి నుంచి పదిహేను నిమిషాల సమయం అడిగి పెట్టుకోండి. ఈ పరిమాణంలో ఉన్న ట్రెయిల్‌కు రెండు మూడు గంటలు పడుతుందని లెక్క వేసుకోండి. అందులో ఎక్కువ భాగం చదవడానికే పోతుంది, రాయడానికి పట్టే సమయం తక్కువ.

1. నోట్ చదివేవారు మొదటి వారంలో ఏ పని చేయబోతున్నారో తెలుసుకోండి

ఏది ఉంచాలన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. మన ఉదాహరణలో వచ్చేవారు టెస్టర్. ఏ బిల్లు ఏ నియమానికి లోబడి పాసవ్వాలి, ఏ డేటా ఇంకా రాలేదు, ఎప్పటికి పని పూర్తవ్వాలి అన్నవి వారికి కావాలి. మార్చి మొదటి వారంలో ధర మీద నడిచిన తొమ్మిది మెయిళ్లు వారికి అక్కరలేదు. అదే ట్రెయిల్ నుంచి కొత్త ప్రాజెక్టు మేనేజర్ కోసం నోట్ రాయవలసి వస్తే ఆ తొమ్మిది మెయిళ్లే మొదట వస్తాయి. వచ్చేవారి పని ఏమిటో తెలియకపోతే ఊహించకండి. వారి మేనేజర్‌ను ఒక్క వాక్యంలో అడగండి.

2. ట్రెయిల్ కొమ్మలన్నిటినీ ఒకచోటికి తెచ్చుకోండి

మీ ఇన్‌బాక్స్‌లో కనిపిస్తున్నదే మొత్తం ట్రెయిల్ అనుకోవడం ప్రమాదకరం. ఎవరో ఒకరు అందరికీ కాకుండా ఒక్కరికే జవాబిస్తే అక్కడ ఒక కొమ్మ చీలుతుంది. సబ్జెక్ట్ లైన్ మార్చినా, ఒకే సంభాషణలో వందకు మించి మెయిళ్లు చేరినా జీమెయిల్ దాన్ని కొత్త సంభాషణగా విడదీస్తుంది. అందువల్ల సంభాషణను తెరిచి చదవడంతో సరిపెట్టకుండా వెతకండి:

```
subject:e-invoice after:2025/03/01
from:accounts@example.com has:attachment
```

రెండో వరుసలో ఉన్నది నమూనా చిరునామా. దాని స్థానంలో క్లయింట్ వైపు మనిషి అసలు చిరునామా పెట్టుకోవాలి.

కొమ్మ ఎంత ముఖ్యమో మన ఉదాహరణలోనే చూడండి. ప్రధాన ట్రెయిల్‌లో మార్చి 24న, 412 మందులకు ఇంకా సరుకు రకాన్ని తెలిపే నాలుగంకెల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ మాత్రమే ఉందని రాశారు. ఈ వ్యాపార పరిమాణానికి ఇన్వాయిస్‌లో ఆరంకెల కోడ్ ఉండాలి కాబట్టి అది పెద్ద అడ్డంకి. అయితే క్లయింట్ డేటా ఆపరేటర్ ఏప్రిల్ 7న మన డెవలపర్ ఒక్కరికే జవాబిస్తూ సరిచేసిన జాబితా పంపారు. దాని ప్రకారం మిగిలినవి 96 మాత్రమే. ఈ కొమ్మను చూడకుండా నోట్ రాస్తే, ఎప్పుడో పరిష్కారమైన మూడు వందలకు పైగా మందులు పెండింగ్ కింద కనిపిస్తాయి.

అటాచ్‌మెంట్ల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. ఫార్వర్డ్ చేసిన మెయిల్‌తో ఫైళ్లు వెళ్తాయి కాని, సాధారణంగా రిప్లై చేసినప్పుడు వెళ్లవు. అందువల్ల ‘జతచేసిన ఫైల్ చూడండి’ అన్న వాక్యం పది మెయిళ్లలో కిందికి జారుతూ కనిపించినా, ఆ ఫైల్ ఉండేది మొదటి మెయిల్‌లోనే. `HSN_final.xlsx`, `HSN_final2.xlsx` లాంటి పేర్లు ఎదురైతే పేరును నమ్మకండి. రెంటినీ తెరిచి వరుసల సంఖ్య పోల్చి, ఏ తేదీ మెయిల్‌తో వచ్చిందో రాసుకోండి.

ఔట్‌లుక్ వాడేవారికి ఒక హెచ్చరిక: అందులోని `Clean Up Conversation` కమాండ్, తర్వాతి మెయిల్‌లో పూర్తిగా ఇమిడిపోయిన పాత మెయిళ్లను తీసేస్తుంది. మామూలు సెట్టింగుల్లో అవి డిలీటెడ్ ఐటమ్స్‌లోకి వెళ్తాయి. చదవడం తేలికవుతుందని ఈ పనికి ముందు దాన్ని నొక్కకండి. ఆధారంగా చూపవలసిన మెయిల్ తర్వాత వెతికినా చేతికి అందకపోవచ్చు.

3. ముందు చివరి ఐదు మెయిళ్లు, తర్వాత మొదటి నుంచి చదవండి

చివరి మెయిళ్లు ముందుగా చదివితే ఈ రోజు ఏ విషయాలు నలుగుతున్నాయో తెలుస్తుంది. ఆ ఎరుకతో మొదటి మెయిల్ నుంచి వస్తే ఏది పాతబడిందో వెంటనే గుర్తుపడతారు. చదువుతూ పట్టికలో ఐదు గడులు నింపండి: తేదీ, ఎవరు రాశారు, ఏ విషయం, ఏం మారింది, దీనివల్ల ఏ పాత మాట చెల్లకుండా పోయింది. ఏదీ మార్చని మెయిల్‌కు వరుస ఇవ్వకండి. కృతజ్ఞతలు, గుర్తుచేయడాలు, ‘అప్‌డేట్ ఏమైనా ఉందా’ అని అడిగినవి అన్నీ పోగా మన 58 మెయిళ్లకు 17 వరుసలు మిగిలాయి.

కింద వేలాడే పాత పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవనవసరం లేదు కాని, దానికి ఒక మినహాయింపు ఉంది. కొందరు కొత్తగా ఏమీ రాయకుండా, వచ్చిన మెయిల్‌లోని ప్రశ్నల కిందే ఎర్ర రంగులో జవాబులు రాసి పంపుతారు. పైన ‘నా జవాబులు కింద ఉన్నాయి’ అని మాత్రమే ఉంటుంది. ఆ మెయిల్ సాదా పాఠంగా మారితే రంగు పోతుంది, ప్రశ్న ఎవరిదో జవాబు ఎవరిదో తెలియకుండా కలిసిపోతాయి. మన ట్రెయిల్‌లో అతి ముఖ్యమైన నిర్ణయం ఇలాగే దాగి ఉంది. ఇన్వాయిస్‌కు పోర్టల్ ఇచ్చే ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య వచ్చాక పోర్టల్‌లో దాన్ని 24 గంటల్లోపే రద్దు చేయగలం. ఆ గడువు దాటాక ఏం చేయాలన్న ప్రశ్నకు మార్చి 18న క్లయింట్ అకౌంట్స్ మేనేజర్ ప్రశ్న కిందే, ‘గడువు దాటితే క్రెడిట్ నోట్ ఇస్తాం, రద్దు బటన్ చూపించవద్దు’ అని రాశారు. టెస్టర్‌కు ఇది ప్రాణాధారమైన వాక్యం. ఇలాంటి మెయిల్ కనిపిస్తే, దానికి ముందు పంపిన ప్రశ్నల మెయిల్‌ను పక్కన పెట్టుకుని రెంటినీ పోల్చి చదవండి.

4. ప్రతి విషయానికీ ఒక స్థితి రాయండి

ఇప్పుడు పట్టికను విషయాల వారీగా సార్ట్ చేయండి. ఒక్కో విషయం కింద చివరి వరుస చూసి నాలుగింటిలో ఒక స్థితి ఇవ్వండి: ఖరారైంది, ప్రతిపాదనలో ఉంది, ఫలానావారి నుంచి రావాలి, తేలలేదు. నోట్‌లో తప్పులు ఎక్కువగా జరిగే చోటు ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

అసలు కష్టం ఆఫీసు మాటల దగ్గర వస్తుంది. ‘నోటెడ్’ అంటే చూశాను అని మాత్రమే. ఒప్పుకున్నానని దానికి అర్థం లేదు. ‘ఓకే’ అన్నది ఏ ప్రశ్నకు జవాబో చూడాలి. మెయిల్‌లో మూడు ప్రశ్నలుండి జవాబు ఒక్క ‘ఓకే’ అయితే, మూడూ ఒప్పుకున్నట్టు మీ అంతట మీరు రాయకండి. ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ అని ‘టు’లో నలుగురికి వెళ్లిన మెయిల్ ఏ ఒక్కరికీ బాధ్యత అప్పగించలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదంటే అందరూ అంగీకరించారని కాదు, ఆ మెయిల్ ఎవరూ తెరవకపోయి ఉండవచ్చు కూడా.

ఉదాహరణలో లైవ్ తేదీ సంగతి తీసుకుందాం. మొదట ఏప్రిల్ 1 అన్నారు. మార్చి 25న రెండు పక్షాలూ ఏప్రిల్ 15కు మార్చుకున్నాయి. ఏప్రిల్ 8న మన బృందం మే 1 అని అడిగితే, మన ప్రాజెక్టు హెడ్ ‘నోటెడ్’ అన్నారు, క్లయింట్ యజమాని ఏమీ అనలేదు. ఆ తర్వాతి మెయిళ్లన్నీ మే 1 ఖాయమైనట్టే నడిచాయి. చదివేవారికి అది నిర్ణయంలా అనిపిస్తుంది, కాని ట్రెయిల్‌లో దాన్ని ఒప్పుకున్నవారు లేరు. కాబట్టి నోట్‌లో రాయవలసింది: ‘ఇద్దరూ ఒప్పుకున్న చివరి తేదీ ఏప్రిల్ 15, మే 1 మన ప్రతిపాదన, క్లయింట్ యజమాని జవాబు రావాలి.’

ఫోన్‌లో తేలిన విషయాలు ఇంతకంటే చిక్కు. మార్చి 27 మెయిల్‌లో, ఇంటర్నెట్ లేనప్పుడు బిల్లు ఎలా అన్న విషయంపై ‘నిన్న మాట్లాడుకున్నట్టే చేద్దాం’ అని ఉంది. నిన్న ఏం మాట్లాడుకున్నారో ఏ మెయిల్‌లోనూ లేదు. ఆ కాల్‌లో ఉన్న ఇద్దరినీ విడివిడిగా అడగండి. మన ఉదాహరణలో ఒకరు, కనెక్షన్ వచ్చేదాకా బిల్లు ఆపాలని చెప్పారు. మరొకరు, డెలివరీ చలాన్ మీద సరుకు పంపి తర్వాత బిల్లు చేయాలన్నారు. ఇద్దరిలో ఎవరు సరి అని తేల్చడం నోట్ రాసేవారి పని కాదు. ‘తేలలేదు’ అని రాసి, రెండు మాటలూ చెప్పి, ఎవరు తేల్చాలో పేర్కొనండి.

5. రోజుల పేర్లను తేదీలుగా మార్చండి

‘రేపు’, ‘వచ్చే సోమవారం’, ‘ఈఓడీ’ అన్నవి మెయిల్ పంపిన రోజుకు మాత్రమే అర్థమిస్తాయి. మెయిల్ పైన ఉన్న తేదీ చూసి క్యాలెండర్‌తో సరిపోల్చి అసలు తేదీ రాయండి. ఆపరేటర్ ఏప్రిల్ 9, బుధవారం నాడు ‘మిగతా 96 సోమవారానికి’ అన్నారు. ఆ సోమవారం ఏప్రిల్ 14, అంబేడ్కర్ జయంతి సెలవు. ఫోన్ చేసి అడిగితే 15 ఉదయం అన్నారు. నోట్‌లోకి వెళ్లవలసింది ఆ తేదీ. అమెరికా క్లయింట్లతో పనిచేసేవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి: అక్కడి శుక్రవారం సాయంత్రం మనకు శనివారం తెల్లవారుజాము అవుతుంది.

6. నోట్ రాయండి

మొదటి వాక్యంలో ప్రాజెక్టు ఏమిటో, రెండో వాక్యంలో ఈ రోజు ఎక్కడుందో చెప్పండి. ఆ తర్వాత ఒక్కో విషయం. ప్రతి విషయం చివర ఆధారమైన మెయిల్ తేదీ ఇవ్వండి. చరిత్ర అవసరమైన చోటే చెప్పండి: పాత నిర్ణయం ఇంకా ఏదైనా ఫైల్‌లోనో స్క్రీన్‌లోనో మిగిలి ఉండి, చదివేవారిని తప్పుదారి పట్టించేలా ఉంటేనే. ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా పద్ధతి ఇదే. మన నోట్ ఇలా వస్తుంది:

> ఏప్రిల్ 11, 2025 సాయంత్రం 5 గంటల వరకు ఉన్న స్థితి
>
> క్లయింట్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఈ-ఇన్వాయిస్‌లు నేరుగా పోర్టల్‌కు వెళ్లేలా చేస్తున్నాం. ప్రోగ్రామింగ్ పూర్తయింది, టెస్టింగ్ మీతో మొదలవుతుంది.
>
> రద్దు: ఖరారైంది. ఐఆర్‌ఎన్ వచ్చిన 24 గంటల్లోపే రద్దు బటన్ కనిపించాలి. ఆ తర్వాత క్రెడిట్ నోట్ మాత్రమే. క్లయింట్ అకౌంట్స్ మేనేజర్ నిర్ణయం (మార్చి 18 మెయిల్, ప్రశ్నల కింద ఎర్ర అక్షరాల్లో). పాత స్క్రీన్ డిజైన్ ఫైల్‌లో బటన్ ఎప్పుడూ కనిపిస్తుంది, దాన్ని అనుసరించవద్దు.
>
> హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు: క్లయింట్ డేటా ఆపరేటర్ నుంచి రావాలి. 96 మందులకు ఆరంకెల కోడ్ రావాలి, ఏప్రిల్ 15 ఉదయం ఇస్తామన్నారు (ఏప్రిల్ 7, 9 మెయిళ్లు, 11న ఫోన్). ప్రధాన ట్రెయిల్‌లోని 412 పాత సంఖ్య. వాడవలసిన ఫైల్ `HSN_final2.xlsx`.
>
> లైవ్ తేదీ: ప్రతిపాదనలో ఉంది. ఇద్దరూ ఒప్పుకున్నది ఏప్రిల్ 15 (మార్చి 25). మే 1 కావాలని అడిగాం (ఏప్రిల్ 8). క్లయింట్ యజమాని జవాబు తెప్పించవలసినది మన ప్రాజెక్టు హెడ్.
>
> ఇంటర్నెట్ లేనప్పుడు బిల్లు: తేలలేదు. మార్చి 26 కాల్‌లో చర్చ జరిగింది, ఫలితం రాతలో లేదు. బిల్లు ఆపాలా, డెలివరీ చలాన్ మీద పంపాలా అన్నది క్లయింట్ అకౌంట్స్ మేనేజర్ తేల్చాలి. అప్పటిదాకా ఈ భాగం టెస్ట్ చేయవద్దు.
>
> మీరు మొదట చేయవలసింది: రద్దు, క్రెడిట్ నోట్ టెస్టులు. వీటికి కావలసిన డేటా సిద్ధంగా ఉంది.

నోట్ పొడవు ఒక పేజీ దాటుతుంటే వాక్యాలను నొక్కి చిన్నవి చేయకండి. చదివేవారి మొదటి వారం పనికి సంబంధించని విషయాన్ని మొత్తంగా తీసేయండి. ‘96 మిగిలాయి, 15న వస్తాయి’ అని మరీ కుదిస్తే, ఏవి మిగిలాయో ఎవరు ఇస్తారో మళ్లీ అడగవలసి వస్తుంది.

7. పంపే ముందు ఇద్దరికి చూపించండి

‘ఖరారైంది’ అని రాసిన ప్రతి విషయాన్నీ, ఆ నిర్ణయం తెలిసిన ఒకరికి చూపి సరేననిపించుకోండి. వారికి మొత్తం నోట్ పంపి ‘చూడండి’ అంటే జవాబు రాకపోవచ్చు. ‘24 గంటల తర్వాత రద్దు బటన్ ఉండదు అని రాశాను, సరేనా?’ అని ఒక్క ప్రశ్నగా అడిగితే నిమిషంలో జవాబు వస్తుంది. రెండో వ్యక్తి ఈ ప్రాజెక్టు తెలియని సహోద్యోగి అయితే మంచిది. వారు అర్థం కాలేదన్న పదాన్ని విడమరచి రాయండి.

మెయిళ్లలోని పాస్‌వర్డ్లు, ధరలు, ఎవరి పనితీరు మీదనైనా చేసిన వ్యాఖ్యలు నోట్‌లోకి రాకూడదు. లాగిన్ కావాలంటే ఎవరిని అడగాలో రాస్తే చాలు. నోట్‌తో పాటు మొత్తం ట్రెయిల్‌ను జతచేస్తే ఈ జాగ్రత్తంతా వృథా అవుతుంది కాబట్టి, ఆధారంగా చూపిన నాలుగైదు మెయిళ్లను మాత్రమే విడిగా పంపండి. ఆ మెయిళ్ల కింద వేలాడే పాత పాఠాన్ని కూడా చూసి పంపండి, ధరల చర్చ అక్కడ మిగిలి ఉండవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

మొదటిది, తేదీల వరుసలో రాయడం. ‘మార్చి 3న మొదలైంది, 10న క్లయింట్ అడిగారు, 12న మనం చెప్పాం’ అన్న నోట్‌లో చదివేవారు చివరి వాక్యం దాకా వెళ్తేగాని ఏది నిలిచిందో తెలియదు. అంతకుముందే 412 అన్న సంఖ్యను వారు తమ పట్టికలో ఎక్కించుకుని ఉంటారు.

రెండోది, గొడవను కథగా చెప్పడం. ఆలస్యం ఎవరివల్ల జరిగిందన్న విషయం మీద పన్నెండు మెయిళ్లు నడిచి ఉండవచ్చు. కొత్తవారు వాటిని చదివితే క్లయింట్‌తో మొదటి ఫోన్‌లోనే ఒక పక్షం తీసుకుని మాట్లాడతారు. ఆ గొడవ వల్ల ఒక నియమం ఏర్పడితే, ఉదాహరణకు ఇకపై డేటా మార్పులన్నీ అకౌంట్స్ మేనేజర్ ద్వారానే రావాలని తేలితే, ఆ నియమం మాత్రం రాయండి.

మూడోది, ఖాళీని మీ ఊహతో నింపడం. ట్రెయిల్‌లో దొరకని జవాబు మీకు తెలిసినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే మీరు మొదటి నుంచీ ఉన్నారు. అలాంటి వాక్యం రాయవలసి వస్తే ‘ఇది నా అవగాహన, మెయిల్‌లో లేదు’ అని పక్కనే రాయండి.

ఫలితాన్ని ఇలా పరీక్షించండి

మొదట నోట్ వైపు నుంచి చూసుకోండి: నోట్‌లోని ప్రతి తేదీనీ, సంఖ్యనీ, పేరునీ వేలితో చూపగలిగే మెయిల్‌కు తీసుకువెళ్లండి. దొరకని వాక్యం ఉంటే తీసేయండి, లేదా దాని స్థితి మార్చండి. తర్వాత ట్రెయిల్ వైపు నుంచి చూడండి. పట్టికలోని 17 వరుసల్లో నోట్‌లోకి రానివి ఎందుకు రాలేదో ఒక్కోదానికి కారణం చెప్పుకోండి. ‘టెస్టర్‌కు అక్కరలేదు’, ‘తర్వాతి నిర్ణయంతో చెల్లకుండా పోయింది’ అన్నవి సరైన కారణాలు. ‘మరిచిపోయాను’ అన్నది ఏదో ఒక వరుస దగ్గర తప్పక ఎదురవుతుంది.

చివరి పరీక్ష చదివినవారి దగ్గర జరుగుతుంది. నోట్ చదివాక వారిని మూడు ప్రశ్నలు అడగండి: ఈ రోజు మీరు ఏ పని మొదలుపెడతారు, ఏ పని ఇంకా మొదలుపెట్టకూడదు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు రాకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? ట్రెయిల్ తెరవకుండా మూడింటికీ జవాబిస్తే నోట్ పనిచేసినట్టే. వారు తిరిగి అడిగిన ప్రశ్నలకు విడిగా మెయిల్‌లో జవాబులిచ్చి ఊరుకోకుండా, ఆ జవాబులను నోట్‌లోనే చేర్చి, పైనున్న తేదీ, సమయం మార్చి మళ్లీ పంపండి. లైవ్ తేదీ మీద క్లయింట్ యజమాని జవాబు వచ్చిన రోజున కూడా ఇదే చేయాలి.